ఈ చార్టులో సముద్రం ఏది?

‘‘అందరికీ నమస్కారం. మా ప్రాజెక్టు పేరు జలచక్రం. ఈ చార్టులో మీకు రెండు సముద్రాలు కనిపిస్తాయి. ఎడమ పక్క ఉన్నది అరేబియా సముద్రం. కుడి పక్కది మన బంగాళాఖాతం. మధ్యలో ఈ గీత కృష్ణా నది. ఇది ఎడమ పక్క సముద్రం నీళ్లతో పుట్టి కుడి పక్క సముద్రంలో కలుస్తుంది.’’

కృష్ణా డెల్టాలోని ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో, ఎనిమిదో తరగతి అమ్మాయి సైన్స్ ఫెయిర్ స్టాల్ దగ్గర తన ప్రసంగాన్ని ఇలా మొదలుపెడితే, వినేవాళ్లు చార్టు వైపు మరోసారి చూస్తారు. జలచక్రం చార్టు లేని సైన్స్ ఫెయిర్ అరుదు. చాలా చార్టుల్లో ఒకటే సముద్రం ఉంటుంది. దాని మీద సూర్యుడు, పైకి వెళ్లే బాణాలు, దూదితో అతికించిన మబ్బులు, ఒక కొండ, కొండ మీద వాన, అక్కడి నుంచి పారి మళ్లీ అదే సముద్రంలో కలిసే నది ఉంటాయి. బాష్పీభవనం, సాంద్రీకరణం, అవపాతం అన్న మూడు మాటలు చదివి పిల్లలు పక్కకు తప్పుకుంటారు. ఆ చార్టులో తప్పేమీ ఉండదు. కానీ అది ఏ ఊరి నీళ్ల గురించీ చెప్పదు. ఈ అమ్మాయి చార్టు ప్రత్యేకత ఏమిటంటే, అందులోని కొండకు పేరుంది, నదికి పేరుంది, బాణాల పక్కన అంకెలున్నాయి.

కొండ మహాబలేశ్వర్. మహారాష్ట్రలో, సహ్యాద్రి మీద సుమారు 1,300 మీటర్ల ఎత్తున ఉంది. కృష్ణ అక్కడే పుడుతుంది. నైరుతి రుతుపవనాల కాలంలో అరేబియా సముద్రం మీదుగా వచ్చే తేమ గాలికి మొదట అడ్డం వచ్చే గోడ సహ్యాద్రి. గోడను దాటాలంటే గాలి పైకి లేవాలి. పైకి వెళ్లిన కొద్దీ గాలి మీద ఒత్తిడి తగ్గుతుంది, గాలి వ్యాకోచిస్తుంది, చల్లబడుతుంది. మబ్బు ఏర్పడే దాకా ప్రతి కిలోమీటరుకూ దాదాపు 10 డిగ్రీలు తగ్గుతుంది. చల్లబడిన గాలిలో అంత ఆవిరి పట్టదు కాబట్టి మిగిలింది నీటి బిందువులుగా మారుతుంది. ఫలితంగా మహాబలేశ్వర్‌లో ఏడాదికి 5,000 మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది. అదే గాలి కొండ దాటి తూర్పుకు దిగేటప్పుడు మళ్లీ వేడెక్కుతుంది. అందుకే వంద కిలోమీటర్లు తూర్పుకు వెళ్లేసరికి వాన 500, 600 మిల్లీమీటర్లకు పడిపోతుంది. రాయలసీమలో కరవుకు ఉన్న కారణాల్లో ఈ గోడ ఒకటి. సాధారణ చార్టులోని కొండ బొమ్మ ఈ ముక్క చెప్పదు. కొండకు ఒక వైపే వాన గీసి, రెండో వైపు ఎండిన పొలం గీస్తే చాలు, చూసేవాళ్లకు అర్థమవుతుంది.

‘‘మేడమ్, మబ్బు అంటే ఆవిరి కాదు’’ అని ఆ అమ్మాయి న్యాయనిర్ణేతలకు చెబుతుంది. పిల్లలే కాదు, పెద్దలు కూడా ఇక్కడ పొరబడతారు. నీటి ఆవిరి కంటికి కనిపించదు. కనిపించే తెల్లటి మబ్బంతా అప్పటికే నీరుగానో మంచు స్ఫటికాలుగానో మారిపోయినదే. మబ్బులోని ఒక్కో బిందువు అడ్డుకొలత సుమారు మిల్లీమీటరులో యాభయ్యో వంతు. రెండు మిల్లీమీటర్ల వాన చినుకు ఒకటి తయారు కావాలంటే అలాంటి బిందువులు పది లక్షలు కలవాలి. మబ్బు పట్టినప్పుడల్లా వాన పడకపోవడానికి కారణం అదే. బిందువులు ఒకదానికొకటి తగిలి పెద్దవి కావడానికి సమయం దొరకాలి, మబ్బుకు మందం ఉండాలి. లేకపోతే అవి అలాగే తేలుతూ మళ్లీ ఆవిరైపోతాయి.

మబ్బు పుట్టడానికి ఇంకొకటి కావాలి. గాలిలో ధూళి, పొగ, సముద్రపు ఉప్పు రేణువుల్లాంటివి ఏవో ఉంటే తప్ప ఆవిరికి బిందువుగా కుదురుకోవడానికి ఆధారం దొరకదు. స్టాల్ మీద దీన్ని చూపించడం తేలిక. రెండు గాజు సీసాల్లో సమానంగా వేడి నీళ్లు పోసి, రెండింటి మీదా మంచు ముక్కలున్న పళ్లేలు పెడతారు. ఒక సీసాలోకి ముందుగా వెలిగించిన అగరుబత్తిని క్షణం పాటు దింపి తీస్తారు. పొగ వెళ్లిన సీసాలో చిక్కటి పొగమంచు సుళ్లు తిరుగుతుంది. రెండోదాంట్లో పలచగా ఉంటుంది. వెనక నల్ల కాగితం పెట్టి, పక్క నుంచి సెల్‌ఫోన్ లైటు వేస్తే తేడా దూరానికి కూడా కనిపిస్తుంది.

ఇలాంటి నమూనాల్లో ఒక చిక్కు తరచూ వస్తుంది. ప్లాస్టిక్ డబ్బాలో గోరువెచ్చటి నీళ్లు పోసి, పైన పలచని కవరు బిగించి, దాని మీద మంచు ముక్కలు పెడతారు. కాసేపటికి కవరు అడుగున చుక్కలు కడతాయి. ‘‘అవి మంచు కరిగి కవరులోంచి కారిన నీళ్లు కావని నీకెలా తెలుసు?’’ అని న్యాయనిర్ణేత అడిగితే చాలామంది పిల్లలు తడబడతారు. ప్రశ్న న్యాయమైనదే. జవాబు కూడా స్టాల్ మీదే సిద్ధం చేసుకోవచ్చు. మంచు గడ్డకట్టించే నీళ్లలో నీలి సిరా చుక్కలు కలిపితే పైన కరిగే నీళ్లు నీలంగా ఉంటాయి. అడుగున కట్టిన చుక్కలకు రంగు ఉండదు. అంటే అవి పై నుంచి కారినవి కావు, కింది నుంచి లేచినవే. కింది నీళ్లలో ఉప్పు కలిపితే రెండో రుజువు కూడా దొరుకుతుంది. చుక్కల్లో ఉప్పదనం ఉండదు. సముద్రం ఉప్పగా ఉన్నా వాన నీళ్లు ఎందుకు చప్పగా ఉంటాయో ఆ ఒక్క చుక్క చెబుతుంది. ఉప్పు వెనకే ఉండిపోతుంది, నీరు మాత్రమే లేస్తుంది.

ఆ ఉప్పే ఈ అమ్మాయి చార్టులోని రెండు సముద్రాల కథను నిజమని నిరూపిస్తుంది. అరేబియా సముద్రం వానల ద్వారా, నదుల ద్వారా వచ్చే నీటికంటే ఎక్కువ నీటిని ఆవిరిగా పోగొట్టుకుంటుంది. బంగాళాఖాతంలోకి గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణ అన్నీ వచ్చి కలుస్తాయి. పైగా దాని మీద వానలూ ఎక్కువే. అందుకే అరేబియా సముద్రపు పైపొర నీళ్లలో కిలోకు సుమారు 36 గ్రాముల ఉప్పు ఉంటే, ఉత్తర బంగాళాఖాతపు పైపొరలో అంతకంటే చాలా తక్కువ ఉంటుంది. వానాకాలం తర్వాత నదీముఖాల దగ్గర మరీ తగ్గుతుంది.

వినేవాళ్లలో చురుకైనవాళ్లకు ఇక్కడ ఒక సందేహం రావాలి. ఒక సముద్రం ఇస్తూ పోతే, ఇంకో సముద్రం పుచ్చుకుంటూ పోతే, మొదటిది తగ్గిపోదా? తగ్గిపోదు. శ్రీలంక దక్షిణపు అంచు చుట్టూ సముద్ర ప్రవాహాలు రుతువును బట్టి దిశ మార్చుకుంటాయి. శీతాకాలంలో బంగాళాఖాతపు తక్కువ ఉప్పు నీళ్లు పడమటికి వెళ్తాయి. నైరుతి కాలంలో అరేబియా సముద్రపు ఎక్కువ ఉప్పు నీళ్లు తూర్పుకు వస్తాయి. దక్షిణాన హిందూ మహాసముద్రంతో రెండూ కలిసే ఉన్నాయి. నైరుతి గాలి మోసుకొచ్చే తేమలో కొంత భూమధ్యరేఖకు అవతలి నుంచి వచ్చినదే. కాబట్టి చక్రం మూసుకునే చోటు హంసలదీవి కాదు. కృష్ణ అక్కడ సముద్రంలో కలిసిన తర్వాత కూడా ఆ నీటికి చాలా ప్రయాణం మిగిలే ఉంది.

ఇక అంకెల సంగతి. బాణాలన్నీ ఒకే మందంలో గీస్తే, సముద్రం నుంచి లేచిన నీరంతా భూమి మీదికి వచ్చి వానగా పడుతుందనిపిస్తుంది. నిజానికి ప్రపంచం మొత్తం మీద సముద్రాల నుంచి 100 పాళ్ల నీరు ఆవిరైతే, సుమారు 90 పాళ్లు మళ్లీ సముద్రం మీదే పడిపోతాయి. గాలితో పాటు నేల మీదికి వచ్చేది 10 పాళ్లే. అయితే నేల మీద పడే వాన 27 పాళ్లు! మిగతా 17 ఎక్కడివి? నేల నుంచి, చెరువుల నుంచి, అడవుల నుంచి, పైర్ల ఆకుల నుంచి లేచిన ఆవిరే అది. 27 పాళ్లు పడి, 17 పాళ్లు మళ్లీ ఆవిరై, మిగిలిన 10 పాళ్లు ఎక్కువగా నదుల ద్వారా, కొంత భూగర్భం గుండా సముద్రానికి చేరతాయి. లెక్క సరిపోయింది. వచ్చిన పది, వెళ్లిన పది.

ఈ లెక్కను చార్టు మీద బాణాల మందంతో చూపించవచ్చు. సముద్రం మీద ఒక లావుపాటి బాణం పైకి, దాదాపు అంతే లావుగా ఇంకొకటి కిందికి గీయాలి. నేల వైపు వచ్చేది సన్నటి బాణం. చార్టులో అందరూ పెద్దగా గీసే నది, ప్రపంచపు లెక్కలో చిన్న బాణమే.

‘‘ఇప్పుడు ఆకాశంలో ఉన్న నీరంతా ఒక్కసారే కురిస్తే ఎంత లోతు నిలుస్తుంది సార్?’’ అని ఆ అమ్మాయి ఎదురు ప్రశ్న వేస్తుంది. కొందరు తాటిచెట్టంత అంటారు, కొందరు మోకాలి లోతు అంటారు. భూమి అంతటా సమానంగా పరిస్తే సుమారు 25 మిల్లీమీటర్లు. అంటే ఒక అంగుళం! ప్రపంచ సగటు వాన ఏడాదికి దాదాపు 1,000 మిల్లీమీటర్లు. వెయ్యిని 25తో భాగిస్తే 40. అంటే ఆకాశంలోని నీటి నిల్వ ఏడాదికి నలభై సార్లు ఖాళీ అయి నలభై సార్లు నిండుతోంది. 365 రోజులను నలభైతో భాగిస్తే తొమ్మిది రోజులు. లేచిన ఆవిరి సగటున తొమ్మిది రోజుల్లో కిందికి దిగి తీరుతుంది. అదే పద్ధతిలో సముద్రానికి లెక్క వేస్తే మూడు వేల ఏళ్లకు పైగా వస్తుంది. భూగర్భజలానిది ఎక్కడికక్కడ వేరు. పైపొరల్లో కొన్నేళ్లే ఉండవచ్చు, లోతుల్లో వేల ఏళ్లు ఉండవచ్చు. చార్టు చూస్తే నీరంతా ఒకే వేగంతో తిరుగుతున్నట్టు ఉంటుంది కానీ, లోతు బోరులోంచి తోడిన నీరు తిరిగి చేరే కాలం, మబ్బు నిండే కాలం ఒకటి కావు. ఈ తొమ్మిది రోజుల లెక్కకు కావలసింది ఒక భాగహారం మాత్రమే. ఎనిమిదో తరగతి పిల్లలు స్టాల్ దగ్గరే చేసి చూపగలరు.

స్టాల్‌కు వచ్చినవాళ్లలో ఒక రైతు తాతయ్య ఉన్నారనుకుందాం. ఆయన చార్టు అంతా చూసి, ‘‘బాగుంది గానీ పాపా, ఇందులో మన పొలం ఎక్కడుంది? కాలవ ఎక్కడుంది?’’ అని అడుగుతారు. జలచక్రం చార్టుల మీద వేయదగిన అతి ముఖ్యమైన ప్రశ్న ఇదే. 2019లో ‘నేచర్ జియోసైన్స్’ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం వివిధ దేశాల పాఠ్యపుస్తకాల్లో, శాస్త్ర ప్రచురణల్లో, ఇంటర్నెట్‌లో ఉన్న 464 జలచక్ర చిత్రాలను పరిశీలించింది. వాటిలో మనుషుల జోక్యం ఏ రూపంలోనైనా కనిపించినవి 15 శాతమే. కాలుష్యాన్నో వాతావరణ మార్పునో చూపినవి 2 శాతం. మిగతా చిత్రాల్లో డ్యాములు లేవు, కాలవలు లేవు, బోర్లు లేవు, పైర్లు లేవు. కృష్ణ విషయంలో అవి లేకుండా బొమ్మ గీస్తే అది కృష్ణ కానే కాదు.

‘‘ఇక్కడుంది తాతయ్యా’’ అని ఆ అమ్మాయి ప్రకాశం బ్యారేజీ కింద ఆకుపచ్చ రంగు వేసిన ముక్కను చూపిస్తుంది. అక్కడి నుంచి పైకి ఒక లావుపాటి బాణం ఉంది. వరి మడిలో నిలిచిన నీళ్ల నుంచి, పైరు ఆకుల నుంచి కలిపి రోజుకు సుమారు 5 మిల్లీమీటర్ల నీరు గాలిలోకి పోతుంది. ఆకుల నుంచి పోయే దాన్ని పుస్తకంలో బాష్పోత్సేకం అంటారు. ఎకరం అంటే 4,047 చదరపు మీటర్లు. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు లోతు నీరు ఒక లీటరు. కాబట్టి ఎకరా మడి నుంచి రోజుకు 20 వేల లీటర్లు లేస్తాయి. ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు నాలుగు! కాలవ నీళ్లు తాగిన పొలం ఆ నీటిని మళ్లీ ఆకాశానికే పంపుతోందన్నమాట.

లక్షల ఎకరాల్లో ఇదే జరిగితే నదికి ఏమవుతుందో కృష్ణ చూపించింది. 20వ శతాబ్దపు మొదటి అర్ధభాగంలో కృష్ణ ఏటా సుమారు 2,000 టీఎంసీల నీటిని సముద్రంలో కలిపేది. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. తర్వాత మూడు రాష్ట్రాల్లో జలాశయాలు, కాలవలు వచ్చాయి, బావుల సాగు పెరిగింది. 2001 నుంచి 2004 దాకా సాగిన కరవు ఏళ్లలో సముద్రానికి చేరిన నీరు దాదాపు లేదనే చెప్పాలి. ఆ నీరు మాయం కాలేదు. మహారాష్ట్రలో చెరకు తోటల మీద, కర్ణాటకలో, తెలుగు నేల మీద వరి, మిరప, పత్తి చేల మీద ఆవిరైంది. చార్టు భాషలో చెప్పాలంటే, నది బాణం సన్నబడి, పొలం బాణం లావైంది. ‘జలచక్రంలో నీరు ఎక్కడికీ పోదు’ అని పిల్లలు చదివే వాక్యం భూమి మొత్తానికి నిజం. ఒక నదీ లోయకు నిజం కాదు. కృష్ణా లోయలో లేచిన ఆవిరి అక్కడే వానగా పడాలన్న నియమం లేదు. తొమ్మిది రోజుల్లో గాలి దాన్ని ఎంత దూరమైనా తీసుకుపోగలదు. 2019లాంటి వరద సంవత్సరాల్లో వందల టీఎంసీలు మళ్లీ బ్యారేజీ దాటి సముద్రంలోకి వెళ్లాయి కానీ, అవి కొన్ని వారాల వరదలో వెళ్లిన నీళ్లు. ఏడాది పొడవునా పారే నది వేరు.

డెల్టా చివరి గ్రామాలవాళ్లకు ఇది బొమ్మలో విషయం కాదు. నది నుంచి, కాలవల నుంచి మంచినీరు ఇంకడం తగ్గి, భూగర్భం నుంచి తోడకం పెరిగితే, సముద్రపు ఉప్పునీరు నేల కింద నుంచి లోపలికి జరుగుతుంది. బోరు నీళ్లు మొదట చవకగా మారతాయి, తర్వాత ఉప్పగా. చార్టులో నది నుంచి సముద్రానికి వెళ్లే బాణం కింద, సముద్రం నుంచి నేల లోపలికి వచ్చే ఒక చిన్న ఎర్ర బాణం కూడా ఆ అమ్మాయి గీసింది. అచ్చు వేసిన చార్టుల్లో ఆ బాణం చాలా అరుదు.

ఇంకొక బాణం కూడా ఉండాలి. పొలానికి పెట్టిన నీరంతా ఆవిరి కాదు. కొంత ఇంకి, కొంత మురుగు కాలవల్లో పడి, దిగువన మళ్లీ నదిలోకి వస్తుంది. నీటి పంచాయతీల్లో దీన్ని పునరుత్పత్తి జలాలు అంటారు. కృష్ణా జలాలను పంచిన బచావత్ ట్రిబ్యునల్ 75 శాతం విశ్వసనీయతతో నదిలో ఉండే నీటిని 2,060 టీఎంసీలుగా లెక్క కట్టి, ఇలా తిరిగి వచ్చే నీటి కింద మరో 70 కలిపింది. మహారాష్ట్రకు 25, కర్ణాటకకు 34, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 11 ఆ లెక్కలో వచ్చాయి. రాష్ట్రం వాటా అని తెలుగువాళ్లు తరచూ వినే 811 టీఎంసీల్లో 800 నది నీళ్లు, 11 ఈ తిరుగు నీళ్లు. ఎనిమిదో తరగతి చార్టులో గీయాల్సిన బాణం ఒకటి అంతర్రాష్ట్ర తీర్పులో అంకెగా ఉందన్నమాట.

ఇన్ని అంకెలు ఒక పిల్ల ప్రసంగంలో పడతాయా అంటే, అన్నీ పట్టవు, పట్టించనూ అక్కర్లేదు. స్టాల్ దగ్గర ఒక్కొక్కరు నిలబడేది మూడు నాలుగు నిమిషాలు. ఆ కాలంలో రెండు సముద్రాలు, ఒక కొండ, పది పాళ్ల లెక్క, వరి మడి బాణం చెప్పగలిగితే ప్రసంగం నిండుగా ఉంటుంది. సీసాలోని పొగమంచు, సిరా కలిపిన మంచు చేతల్లో చూపించాల్సినవి కాబట్టి మాటలు పెద్దగా అక్కర్లేదు. తొమ్మిది రోజుల లెక్క, ట్రిబ్యునల్ అంకెలు ఎవరైనా అడిగితే చెప్పడానికి జేబులో ఉంచుకోవచ్చు. కంఠతా పట్టిన ప్రసంగం మధ్యలో ఎవరైనా ప్రశ్న అడిగితే తెగిపోతుంది. నదిని వెంబడించే ప్రసంగం తెగదు, ఎందుకంటే ఆగిన చోటు చార్టు మీద కనిపిస్తూనే ఉంటుంది.

పాఠ్యపుస్తకాల చిత్రాలు కూడా మారుతున్నాయి. అమెరికా భూగర్భ సర్వే సంస్థ దశాబ్దాలుగా ప్రపంచమంతా వాడుకున్న తన జలచక్ర చిత్రాన్ని పక్కన పెట్టి, 2022 అక్టోబరులో కొత్తది విడుదల చేసింది. అందులో జలాశయాలు, సాగు భూములు, నగరాలు, భూగర్భజలాల తోడకం నదులు, మబ్బుల పక్కనే ఉన్నాయి. తెలుగు బడుల్లో టీచర్లు అంతదాకా ఆగాల్సిన పని లేదు. ఈసారి సైన్స్ ఫెయిర్‌కు దుకాణంలో అచ్చు చార్టు కొనకండి. తెల్ల చార్టు ఒకటి పిల్లల చేతికి ఇచ్చి, మన ఊరి నీళ్లు ఏ కొండ మీద పడ్డాయో, ఏ చెరువులో ఆగాయో, ఎవరి పొలంలో ఆవిరయ్యాయో, ఏ సముద్రానికి మిగిలాయో కనుక్కుని గీయమని చెప్పండి. గోదావరి ఊళ్లవాళ్లు నాసిక్ దగ్గరి త్ర్యంబకేశ్వర్ నుంచి, పెన్నా ఊళ్లవాళ్లు నంది కొండల నుంచి మొదలుపెట్టవచ్చు.